పటం మీద జానెడు, నేల మీద ఎంత?

చార్మినార్, గోల్కొండ కోట రెండూ సర్వే ఆఫ్ ఇండియా వారి ఒకే టోపోషీటులో పడతాయి. ఆ షీటు నంబరు 56 కె/7. దాన్ని బల్ల మీద పరిచి, చార్మినార్ దగ్గర కొలబద్ద సున్నా ఆనించి, గోల్కొండలోని బాలాహిసార్ దాకా నేరుగా కొలిస్తే సుమారు 16.4 సెంటీమీటర్లు వస్తుంది. ఇదే ప్రాంతానికి మైళ్ల కాలం నాటి పాత షీటు తీసుకుని కొలిస్తే అదే దూరం 12.9 సెంటీమీటర్లే ఉంటుంది. చార్మినార్ కదల్లేదు, కోటా కదల్లేదు. మారింది పటం అడుగు అంచున అచ్చయిన ఒక చిన్న నిష్పత్తి. కొత్త షీటు మీద 1:50,000 అని ఉంటుంది. పాతదాని మీద 1:63,360 అని ఉంటుంది.

ఆ నిష్పత్తినే పాఠ్యపుస్తకాలు ప్రాతినిధ్య భిన్నం అంటాయి. క్లాసుల్లో ఎక్కువగా వినిపించే మాట ఆర్.ఎఫ్. దాన్ని చదవడం తెలిస్తే పటం మీద గీత ఎంత ఉన్నా నేల మీద దూరం తేల్చడానికి ఒక గుణకారం చాలు. పరీక్షలో మార్కులు పోయేది ఆ గుణకారంలో అరుదు. కొలత ప్రమాణం మధ్యలో మారిపోవడం వల్లా, చేతిలో ఉన్న కాగితం అసలు పటమా, నకలా అని చూసుకోకపోవడం వల్లా పోతాయి.

ఒకే మాట, మూడు రూపాలు

పటం స్కేలును మూడు రకాలుగా చూపిస్తారు. మొదటిది మాటల్లో చెప్పడం: “1 సెంటీమీటరుకు అర కిలోమీటరు” లేదా “1 అంగుళానికి 1 మైలు”. ఇది అందరికీ వెంటనే అర్థమవుతుంది. కానీ అంగుళాలు, మైళ్లు వాడని దేశంలో ఈ వాక్యం పనికిరాదు. 

రెండోది ప్రాతినిధ్య భిన్నం. 1:50,000 అన్నా, 1/50,000 అన్నా ఒకటే. లవంలో పటం మీది దూరం, హారంలో నేల మీది దూరం. దీనికి ప్రమాణం ఉండదు, బలమంతా అందులోనే ఉంది. పటం మీద 1 సెంటీమీటరు అయితే నేల మీద 50,000 సెంటీమీటర్లు. పటం మీద 1 అంగుళం అయితే నేల మీద 50,000 అంగుళాలు. అగ్గిపుల్లతో కొలిస్తే నేల మీద 50,000 అగ్గిపుల్లల పొడవు. ఏ కొలతతో మొదలుపెడితే జవాబు ముందుగా ఆ కొలతలోనే వస్తుంది. ఆ తర్వాతే దాన్ని మీటర్లలోకో కిలోమీటర్లలోకో మార్చుకోవాలి.

మూడోది రేఖా స్కేలు. పటం కింద ఒక గీత గీసి, దాన్ని భాగాలు చేసి, నేల మీది దూరాలను నేరుగా రాస్తారు. దీనికి లెక్కే అక్కర్లేదు. అయితే చదవడంలో చాలామంది ఒక చోట తడబడతారు. ఈ గీతలో సున్నా ఎడమ చివర ఉండదు, ఒక భాగం లోపలికి ఉంటుంది. సున్నాకు కుడివైపున పూర్తి కిలోమీటర్లు, ఎడమవైపున ఒక కిలోమీటరును చిన్న ముక్కలు చేసిన భాగాలు ఉంటాయి. కొలిచిన కాగితాన్ని ఎడమ చివర నుంచి ఆనిస్తే దూరం ఒక కిలోమీటరు తప్పుతుంది. కాగితం కుడి గుర్తును ఏదో ఒక పూర్తి కిలోమీటరు దగ్గర ఉంచి, ఎడమ గుర్తు సున్నా దాటి చిన్న భాగాల్లో ఎక్కడ పడిందో చూడాలి. రెండూ కలిపితే దూరం.

చార్మినార్ నుంచి గోల్కొండ

ఇప్పుడు మొదటి లెక్క. పటం 1:50,000. కొలిచింది 16.4 సెం.మీ.

నేల మీద దూరం = 16.4 × 50,000 = 8,20,000 సెం.మీ.
8,20,000 ÷ 100 = 8,200 మీటర్లు
8,200 ÷ 1,000 = 8.2 కి.మీ.

ఒక కిలోమీటరుకు 1,00,000 సెంటీమీటర్లు కాబట్టి చివరి రెండు మెట్లనూ ఒకేసారి లక్షతో భాగించి దాటేయవచ్చు. ఇంకో దారి కూడా ఉంది. ముందుగా “1 సెంటీమీటరుకు ఎంత?” అని తేల్చుకోవాలి. 50,000 సెం.మీ. అంటే 500 మీటర్లు, అంటే 0.5 కి.మీ. ఇక ఆ షీటు మీద ఏ దూరమైనా సెంటీమీటర్లలో కొలిచి సగం చేస్తే కిలోమీటర్లు వచ్చేస్తాయి. 16.4లో సగం 8.2. పరీక్షలో మొదటి పద్ధతిలో మెట్లన్నీ రాసి, రెండో పద్ధతిలో మనసులో సరిచూసుకుంటే తప్పు అక్కడే దొరుకుతుంది.

పాత షీటుతో చేస్తే ఎలా ఉంటుంది? కొలిచింది 12.9 సెం.మీ., భిన్నం 1:63,360.

12.9 × 63,360 = 8,17,344 సెం.మీ. = 8.17 కి.మీ.

మొదటి జవాబుకూ దీనికీ తేడా 30 మీటర్లు. అది కొలబద్ద చదవడంలో వచ్చే తేడా, దాని సంగతి ముందు ముందు వస్తుంది. 63,360 అన్న వింత అంకె వెనక రహస్యమేమీ లేదు. ఒక మైలుకు 1,760 గజాలు, గజానికి 36 అంగుళాలు. రెండూ గుణిస్తే 63,360. అంటే ఇది “1 అంగుళానికి 1 మైలు” పటం. అంగుళాల కొలబద్దతో కొలిస్తే ఇదే దూరం 5.08 అంగుళాలు వస్తుంది. గుణకారం లేకుండానే అది 5.08 మైళ్లు. మైలుకు 1.609 కిలోమీటర్ల చొప్పున లెక్క వేస్తే మళ్లీ 8.17 కి.మీ.

అసలు ప్రమాదం ఎక్కడంటే, పాత షీటు మీద కొలిచి, అలవాటు కొద్దీ దాన్ని సగం చేయడంలో. 12.9లో సగం 6.45. దూరం ఒక్కసారిగా 1.7 కిలోమీటర్లు తగ్గిపోతుంది. లైబ్రరీల్లో, ప్రభుత్వ కార్యాలయాల్లో పాత అంగుళం షీట్లు ఇప్పటికీ కనిపిస్తాయి. చూపుకు కొత్తవాటిలాగే ఉంటాయి కాబట్టి, కొలబద్ద పెట్టే ముందు అడుగు అంచు చదవడం తప్పనిసరి.

మాటల నుంచి భిన్నానికి

పరీక్షల్లో తరచుగా అడిగే ప్రశ్న: “1 సెంటీమీటరుకు 2 కిలోమీటర్లు అన్న స్కేలును ప్రాతినిధ్య భిన్నంగా మార్చండి.” ఇక్కడ చేయాల్సింది ఒక్కటే. రెండు వైపులా ఒకే ప్రమాణం ఉండాలి. 2 కిలోమీటర్లంటే 2,00,000 సెంటీమీటర్లు. కాబట్టి భిన్నం 1:2,00,000. జవాబు పక్కన సెం.మీ. అని గానీ కి.మీ. అని గానీ రాయకూడదు. భిన్నానికి ప్రమాణం లేదు.

“1 అంగుళానికి 4 మైళ్లు” అంటే 4 × 63,360 = 2,53,440. కాబట్టి 1:2,53,440. మెట్రిక్ పద్ధతి వచ్చాక ఈ రకం పటాల స్థానంలో 1:2,50,000 పటాలు వచ్చాయి. రెండు అంకెలూ దగ్గరగా ఉన్నాయి కదా అని ఒకటే అనుకుంటే నూటికి 1.4 వంతు తప్పు వస్తుంది. 100 కిలోమీటర్ల దూరంలో అది దాదాపు 1.4 కిలోమీటర్లు.

పెద్ద స్కేలు, చిన్న స్కేలు అన్న మాటల దగ్గర కూడా ఈ భిన్నమే దారి చూపిస్తుంది. 50,000 కన్నా 2,50,000 పెద్ద సంఖ్య కాబట్టి రెండోదే పెద్ద స్కేలు అని చాలామంది రాసేస్తారు. భిన్నంగా రాసి చూస్తే గందరగోళం ఉండదు. యాభై వేలలో ఒక వంతు, రెండున్నర లక్షల్లో ఒక వంతు కన్నా పెద్దది. కాబట్టి 1:50,000 పెద్ద స్కేలు. అందులో తక్కువ ప్రాంతం ఎక్కువ వివరంతో కనిపిస్తుంది.

పొలం గట్టు, గొలుసు, ఎకరం

పల్లెల్లో పటం అనగానే గుర్తొచ్చేది టోపోషీటు కాదు, గ్రామ పటం. సర్వే నంబర్లు, గట్లు, డొంకలు, చెరువులు ఉండే ఈ పటాలకు చాలా పెద్ద స్కేలు కావాలి. మద్రాసు ప్రెసిడెన్సీ కాలపు సర్వేలో గ్రామ పటాలను మైలుకు 16 అంగుళాల చొప్పున గీశారు. దాన్ని భిన్నంలోకి మారిస్తే 63,360 ÷ 16 = 3,960. అంటే 1:3,960.

ఈ అంకె వెనక చక్కని పొందిక ఉంది. పటం మీద 1 అంగుళం అంటే నేల మీద 3,960 అంగుళాలు, అంటే 330 అడుగులు. సర్వేయరు గొలుసు పొడవు 66 అడుగులు, అందులో 100 లింకులు. 330 అడుగులంటే సరిగ్గా 5 గొలుసులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం కాబట్టి, పటం మీద ఒక చదరపు అంగుళం 25 చదరపు గొలుసులు, అంటే రెండున్నర ఎకరాలు.

ఒక పొలం తీసుకుందాం. దీర్ఘ చతురస్రంగా ఉంది. పటం మీద పొడవు 1.6 అంగుళాలు, వెడల్పు 0.5 అంగుళం.

పొడవు: 1.6 × 330 = 528 అడుగులు, అంటే 8 గొలుసులు, సుమారు 161 మీటర్లు.
వెడల్పు: 0.5 × 330 = 165 అడుగులు, అంటే రెండున్నర గొలుసులు, సుమారు 50 మీటర్లు.
విస్తీర్ణం: 528 × 165 = 87,120 చదరపు అడుగులు.

ఎకరానికి 43,560 చదరపు అడుగులు. కాబట్టి సరిగ్గా 2 ఎకరాలు. ఆంధ్రలో 200 సెంట్లు, తెలంగాణలో 80 గుంటలు.

ఇదే లెక్కను దగ్గరి దారిలో చేయవచ్చు. 1.6 × 0.5 = 0.8 చదరపు అంగుళం. దాన్ని 2.5తో గుణిస్తే 2 ఎకరాలు. విద్యార్థులు తప్పు చేసేది ఇక్కడే. దూరానికి 330తో గుణించాం కదా అని 0.8 చదరపు అంగుళాన్ని కూడా 330తోనే గుణించి 264 చదరపు అడుగులు అని రాస్తారు. అది ఒక గది అంత స్థలం, రెండెకరాల పొలం కాదు. పొడవులో 330 రెట్లు, వెడల్పులో 330 రెట్లు పెరిగినప్పుడు విస్తీర్ణం 330 × 330 రెట్లు పెరుగుతుంది. స్కేలు ఏదైనా విస్తీర్ణానికి హారాన్ని వర్గం చేయాల్సిందే. 1:50,000 పటం మీద 1 చదరపు సెంటీమీటరు అంటే నేల మీద 0.5 × 0.5 = 0.25 చదరపు కిలోమీటరు.

గ్రామ పటం ఇచ్చే ఈ కొలత అంచనాకే. గట్టు తగాదా తేల్చడానికి సర్వేయర్లు గ్రామ పటం మీద గీత కొలిచి చెప్పరు. ఒక్కో సర్వే నంబరుకు లింకుల్లోనో మీటర్లలోనో కొలతలు రాసి ఉన్న ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్ నకలు, అంటే ఎఫ్.ఎం.బి., చూస్తారు. అంకెల్లో రాసిన కొలత ముందు గీత మీద కొలిచిన కొలత నిలవదు.

వంకర దారి కొలిచే కాగితపు ముక్క

చార్మినార్ నుంచి గోల్కొండకు వచ్చిన 8.2 కిలోమీటర్లు పక్షి ఎగిరే దూరం. రోడ్డు మీద వెళ్లేవారికి అది సరిపోదు. మలుపులు తిరిగే రోడ్డునో, వాగునో కొలవడానికి నూలుదారం వాడవచ్చు. కానీ దారం సాగుతుంది, జారుతుంది. అంతకన్నా నమ్మకమైనది తిన్నని అంచు ఉన్న కాగితపు ముక్క.

కాగితం అంచును రోడ్డు మొదలు దగ్గర ఆనించి ఒక చిన్న గీత పెట్టాలి. రోడ్డు ఎంత దూరం తిన్నగా ఉందో అంతవరకు అంచు వెంట పోనిచ్చి, మొదటి మలుపు దగ్గర ఇంకో గీత పెట్టాలి. ఇప్పుడు పెన్సిల్ మొనను ఆ మలుపు మీదే గట్టిగా ఉంచి, దాని చుట్టూ కాగితాన్ని తిప్పి, అంచును తర్వాతి తిన్నని ముక్క మీదికి తేవాలి. మళ్లీ మలుపు, మళ్లీ గీత, మళ్లీ తిప్పడం. గమ్యం చేరాక కాగితం మీద మొదటి గీతకూ చివరి గీతకూ మధ్య దూరమే రోడ్డు పొడవు. దాన్ని కొలబద్దతో కొలవవచ్చు, లేదా నేరుగా రేఖా స్కేలు మీద ఆనించి చదవవచ్చు. ఎక్కువ మలుపులున్న చోట ముక్కలు ఎంత చిన్నగా తీసుకుంటే జవాబు అంత నిజానికి దగ్గరవుతుంది.

ఉదాహరణకు 1:50,000 షీటు మీద ఒక ఊరి నుంచి మండల కేంద్రానికి నేరుగా 8.2 సెం.మీ. వచ్చిందనుకుందాం. అది 4.1 కి.మీ. కాగితం ముక్కతో రోడ్డు వెంట కొలిస్తే 11.6 సెం.మీ. వచ్చింది. అది 5.8 కి.మీ. ఆటో కిరాయి మాట్లాడుకోవాల్సింది రెండో అంకె మీద.

ఇదే రోడ్డును 1:2,50,000 పటం మీద కొలిస్తే లెక్క ప్రకారం 2.32 సెం.మీ. రావాలి. సాధారణంగా అంతకన్నా తక్కువ వస్తుంది. పటం చిన్నదైన కొద్దీ చిన్న చిన్న మలుపులకు చోటు ఉండదు. పటం గీసేవారు వాటిని సాపు చేసి గీస్తారు. కాబట్టి ఘాట్ రోడ్ల పొడవు, ఏటి పొడవు కావాలంటే దొరికినంతలో పెద్ద స్కేలు పటమే తీసుకోవాలి.

ఎంతవరకు నమ్మవచ్చు

మామూలు కొలబద్దతో అర మిల్లీమీటరు కన్నా సూక్ష్మంగా చదవడం కష్టం. 1:50,000 పటం మీద 1 మిల్లీమీటరు అంటే 50 మీటర్లు, అర మిల్లీమీటరు అంటే 25 మీటర్లు. గుణకారం 8,214 మీటర్లు అని చూపించినా చివరి రెండంకెలకు అర్థం లేదు. 8.2 కి.మీ. అని రాయడమే సరైన జవాబు. రెండు షీట్ల మధ్య పైన వచ్చిన 30 మీటర్ల తేడా ఈ పరిధిలోదే.

పటం మీద గుర్తుల లావు కూడా నేల మీది వెడల్పు కాదు. రోడ్డు కంటికి కనపడాలని దాన్ని లావుగా గీస్తారు. 1:2,50,000 పటం మీద 1 మిల్లీమీటరు లావు రోడ్డును స్కేలుతో గుణిస్తే 250 మీటర్ల వెడల్పు వస్తుంది. అలాంటి రోడ్డు ఎక్కడా లేదు. కాబట్టి దూరాలను గుర్తు మధ్య నుంచి గుర్తు మధ్యకు కొలవాలి, వెడల్పులను కొలవకూడదు.

కొండ ప్రాంతాల్లో ఇంకో సంగతి ఉంది. పటం చూపేది సమతల దూరం, అంటే పైనుంచి చూసినప్పుడు కనిపించే దూరం. ఎక్కుడు దారి అంతకన్నా పొడవు. కొండ పాదం నుంచి శిఖరం దాకా 1:50,000 పటం మీద 2.4 సెం.మీ. ఉందనుకుందాం. అది 1,200 మీటర్లు. మధ్యలో 20 మీటర్ల అంతరంతో గీసిన కాంటూరు గీతల మధ్య 15 అంతరాలు ఉంటే ఎత్తు 300 మీటర్లు. పైథాగరస్ సూత్రం ప్రకారం 1,200 వర్గం, 300 వర్గం కలిపి వర్గమూలం తీస్తే సుమారు 1,237 మీటర్లు. నాలుగు అడుగులకు ఒక అడుగు ఎత్తు పెరిగే ఏటవాలులో కూడా తేడా నూటికి 3 మాత్రమే. మైదానంలో దీన్ని పట్టించుకోనక్కర్లేదు. నిటారు కొండల్లో మాత్రం లెక్కలోకి తీసుకోవాలి.

జెరాక్స్ చేస్తే మారిపోయే భిన్నం

అన్నిటికన్నా ఎక్కువ మందిని దెబ్బతీసేది నకలు. టోపోషీటులోని ఏ3 సైజు భాగాన్ని ఏ4కు కుదించి జెరాక్స్ తీస్తారు. అడుగు అంచున 1:50,000 అన్న అక్షరాలు అలాగే కనిపిస్తాయి. కానీ పటం 71 శాతానికి తగ్గిపోయింది. చార్మినార్, గోల్కొండ మధ్య 16.4 సెంటీమీటర్లు ఆ నకలులో 11.6 సెంటీమీటర్లే. అచ్చులో ఉన్న భిన్నాన్ని నమ్మి గుణిస్తే 5.8 కి.మీ. వస్తుంది. 2.4 కిలోమీటర్ల దూరం మాయమైపోతుంది.

రేఖా స్కేలుకు ఈ బాధ లేదు. పటంతోపాటు అదీ అంతే నిష్పత్తిలో కుదించుకుపోతుంది కాబట్టి దాని మీద ఆనించి చదివితే దూరం సరిగ్గానే వస్తుంది. పటాల మీద భిన్నంతోపాటు రేఖా స్కేలు కూడా వేసేది ఇందుకే. కంప్యూటర్ నుంచి పీడీఎఫ్ పటం ప్రింటు తీసేటప్పుడూ ఇదే జరుగుతుంది. ప్రింటు కిటికీలో `Fit` ఎంపిక ఉంటే పటం కాగితానికి తగ్గట్టు కుదించుకుపోతుంది. `Actual size` ఎంచుకుంటేనే అచ్చయిన భిన్నం నిలుస్తుంది. ఫోన్ తెర మీద వేళ్లతో పెద్దది చేసినప్పుడు రాసి ఉన్న భిన్నానికి విలువ లేదు.

రేఖా స్కేలు కత్తిరించుకుపోయిన నకలు చేతిలో ఉంటే? అప్పుడూ దారి ఉంది. టోపోషీటు అంచున అక్షాంశాలు, రేఖాంశాలు రాసి ఉంటాయి. 1:50,000 షీటు ఒక్కొక్కటి 15 నిమిషాల అక్షాంశం, 15 నిమిషాల రేఖాంశం మేర ఉంటుంది. తెలుగు నేల మీద ఒక డిగ్రీ అక్షాంశం ఉత్తర దక్షిణాలుగా సుమారు 110.6 కిలోమీటర్లు. డిగ్రీకి 60 నిమిషాలు కాబట్టి 5 నిమిషాలు సుమారు 9.22 కిలోమీటర్లు. అసలు షీటు మీద ఇది 18.4 సెంటీమీటర్లు ఉండాలి. నకలులో 5 నిమిషాల మేర కొలిస్తే 13 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం.

9.22 కి.మీ. = 9,22,000 సెం.మీ.
9,22,000 ÷ 13 = సుమారు 70,900

ఆ నకలు అసలు భిన్నం 1:70,900. ఇప్పుడు 11.6 × 70,900 చేస్తే 8,22,440 సెం.మీ., అంటే 8.2 కి.మీ. పోయిన దూరం తిరిగి దొరికింది.

ఈ కొలతను కింది నుంచి పైకి, అంటే ఉత్తర దక్షిణ దిశలోనే తీసుకోవాలి. రేఖాంశాలు ధ్రువాల వైపు పోతూ దగ్గరవుతాయి. హైదరాబాద్ దగ్గర 5 నిమిషాల రేఖాంశం సుమారు 8.86 కిలోమీటర్లే. అడ్డంగా కొలిచి 9.22తో లెక్క వేస్తే నూటికి 4 తప్పు వస్తుంది.

అక్షాంశాలు కూడా లేని పర్యాటక పటమైతే, నేల మీద పొడవు తెలిసిన ఏదైనా కట్టడం వెతకాలి. విజయవాడ ప్రకాశం బ్యారేజీ పొడవు సుమారు 1,223 మీటర్లు. ఒక పటంలో అది 6.1 సెం.మీ. ఉంటే 1,22,300 ÷ 6.1 = సుమారు 20,050. కాబట్టి ఆ పటం దాదాపు 1:20,000. పొడవు తెలిసిన ఇంకో కట్టడంతో కూడా చేసి చూసి, రెండూ కలిస్తే ఆ భిన్నాన్ని నమ్మవచ్చు. కలవకపోతే ఆ పటం స్కేలు ప్రకారం గీసింది కాదు, దారి చూపడానికి వేసిన బొమ్మ మాత్రమే. దాని మీద దూరాలు కొలిచి లాభం లేదు.

చేసి చూడాల్సిన లెక్కలు

1. 1:25,000 పటం మీద రెండు బడుల మధ్య 9.6 సెం.మీ. ఉంది. నేల మీద ఎంత? 
9.6 × 25,000 = 2,40,000 సెం.మీ. = 2.4 కి.మీ.

2. 18 కిలోమీటర్ల తిన్నని కాలువను 1:50,000 పటం మీద ఎంత పొడవు గీయాలి? ఇక్కడ గుణకారం కాదు, భాగహారం. 
18,00,000 ÷ 50,000 = 36 సెం.మీ. ఏ4 కాగితం పొడవు 29.7 సెం.మీ. మాత్రమే కాబట్టి అది పట్టదు. 1:2,50,000 తీసుకుంటే 7.2 సెం.మీ. చాలు.

3. రెండు పట్టణాల మధ్య నేరు దూరం 30 కి.మీ. పటం మీద 12 సెం.మీ. ఉంది. ప్రాతినిధ్య భిన్నం ఎంత? 
30,00,000 ÷ 12 = 2,50,000. కాబట్టి 1:2,50,000.

4. మైలుకు 16 అంగుళాల గ్రామ పటం మీద ఒక చెలక 0.75 అంగుళం పొడవు, 0.4 అంగుళం వెడల్పు ఉంది. విస్తీర్ణం ఎంత? 
0.75 × 0.4 = 0.3 చదరపు అంగుళం. 0.3 × 2.5 = 0.75 ఎకరం. ఆంధ్ర లెక్కలో 75 సెంట్లు, తెలంగాణ లెక్కలో 30 గుంటలు.